స్పోర్ట్స్ డే ప్రకటన: పోటీ సమయం పక్కనే రిపోర్టింగ్ సమయం

ప్రశ్న: "మా హైస్కూల్లో వచ్చే నెల స్పోర్ట్స్ డే. ఆరు నుంచి పది వరకు తరగతులు, నాలుగు హౌస్‌లు. మాకు పీఈటీ లేరు, నేను లెక్కల టీచర్‌ను, షెడ్యూల్ ప్రకటించే పని ఈసారి నాకు అప్పగించారు. పోటీల సమయాలు, హౌస్‌వారీ రిపోర్టింగ్ ఎలా రాయాలి? చివర్లో మార్పులు వస్తే ఏమని చెప్పాలి?"

సమాధానం:

ప్రతి పోటీకీ రెండు సమయాలు రాయండి: విద్యార్థి వచ్చి పేరు చెప్పవలసిన సమయం ఒకటి, పోటీ మొదలయ్యే సమయం ఒకటి. మొత్తం షెడ్యూల్‌ను ఒకే కాగితం మీద నోటీసు బోర్డుకు పెట్టి, దానిలో నుంచే నాలుగు హౌస్‌లకు నాలుగు పట్టికలు విడదీసి హౌస్ టీచర్లకు ఇవ్వండి. ఆ పట్టికలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి రావాలో పేర్లతో సహా ఉండాలి. మార్పుల విషయంలో మూడు నియమాలు చాలు. మార్పు ఒక్కరి సంతకంతోనే వెలువడాలి, రాతలో ఉండాలి, ప్రకటించిన సమయం కంటే ముందుగా ఏ పోటీనీ మొదలుపెట్టకూడదు. ఆలస్యం చేయవచ్చు గాని తొందర చేయకూడదు.

నేను ఇరవై రెండేళ్లుగా ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. మూడు ఉన్నత పాఠశాలల్లో ఈ షెడ్యూల్ రాశాను. మొదటి నాలుగైదేళ్లు నేను రాసిన కాగితంలో పోటీ సమయం మాత్రమే ఉండేది. "100 మీటర్లు, సీనియర్ బాలురు, 10 గంటలు" అని రాస్తే పిల్లలు సరిగ్గా పది గంటలకు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చేవారు. వాళ్ల తప్పేమీ లేదు, మేము చెప్పింది అదే. అప్పుడు చెస్ట్ నంబర్ పిన్నులు వెతకడం, లేన్లు పంచడం, రానివాడి కోసం మైకులో మూడుసార్లు పిలవడం మొదలయ్యేది. పది గంటల పరుగు పది ఇరవైకి జరిగేది. అలా పోటీకి ఐదూ పదీ చొప్పున పోతూ, మధ్యాహ్నానికి మొత్తం కార్యక్రమం గంటన్నర వెనకబడేది.

అందువల్ల పరుగు పందేలకు పదిహేను నిమిషాల ముందు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ వంటి ఫీల్డ్ పోటీలకు కూడా అంతే ముందు రిపోర్టింగ్ పెట్టండి. పోటీకి ఐదు నిమిషాల ముందు రిపోర్టింగ్ ముగుస్తుందని కాగితం మీదే స్పష్టంగా రాయండి. ఈ చివరి మాట రాయకపోతే రిపోర్టింగ్ సమయానికి విలువ ఉండదు. 9:15కు పరుగు అయితే 9:00కు రిపోర్టింగ్ మొదలు, 9:10కి ముగింపు. ఆ ఐదు నిమిషాల్లో వచ్చినవారిని వరుసగా స్టార్టింగ్ లైను వద్దకు నడిపించుకుపోవాలి. అంతకంటే ఎక్కువ ముందుగా, అంటే అరగంట ముందు పిలిస్తే ఇంకో చిక్కు వస్తుంది. పన్నెండేళ్ల పిల్లలు అరగంట ఒకచోట కూర్చోరు. నీళ్లకని వెళ్లి తిరిగి రారు.

సమయాలు ఎలా లెక్కించాలి

మీరు లెక్కల వారు కాబట్టి ఈ భాగం మీకు తేలిక. మేము పాటించే ఉదాహరణ ఒకటి పూర్తిగా చెబుతాను, మీ అంకెలు అందులో పెట్టుకోండి.

నాలుగు హౌస్‌లు, 6, 7 తరగతులు జూనియర్లు, 8, 9, 10 తరగతులు సీనియర్లు, బాలురు, బాలికలు వేరువేరుగా నాలుగు విభాగాలు అనుకుందాం. 100 మీటర్లకు ఒక్కో విభాగంలో హౌస్‌కు నలుగురు చొప్పున పదహారు మంది ఉంటారు. మైదానంలో ఆరు లేన్లు గీయగలిగితే మూడు హీట్లు పడతాయి: ఆరుగురు, ఐదుగురు, ఐదుగురు. ప్రతి హీట్‌లో మొదటి ఇద్దరిని తీసుకుంటే ఫైనల్‌కు సరిగ్గా ఆరుగురు వస్తారు. ఒకే హౌస్ పిల్లలందరూ ఒకే హీట్‌లో పడకుండా పంచాలి. లేకపోతే వాళ్లలో వాళ్లే పోటీపడి ఇద్దరు తప్ప అందరూ మొదటి దశలోనే వెళ్లిపోతారు.

ఒక హీట్‌కు ఎంత సమయం పడుతుంది? పరుగు పదిహేను సెకన్లే గాని, లేన్లలో నిలబెట్టి, ఫినిష్ దగ్గర ఉన్న టీచర్లు సిద్ధమని జెండా ఊపి, పరుగు అయ్యాక మొదటి ఇద్దరి చెస్ట్ నంబర్లు రాసుకునేసరికి ఐదు నిమిషాలు అవుతుంది. నాలుగు విభాగాలు, విభాగానికి మూడు హీట్లు, మొత్తం పన్నెండు హీట్లకు గంట. 9:15కు మొదలుపెడితే జూనియర్ బాలికలు 9:15కు, జూనియర్ బాలురు 9:30కి, సీనియర్ బాలికలు 9:45కు, సీనియర్ బాలురు 10:00కు పరుగెత్తి, 10:15కు హీట్లన్నీ ముగుస్తాయి.

ఫైనల్ ఎప్పుడు పెట్టాలి? అంతర్జాతీయ అథ్లెటిక్స్ నిబంధనలు 200 మీటర్ల వరకు ఉన్న పరుగుల్లో ఒక దశలోని చివరి హీట్‌కూ తర్వాతి దశకూ మధ్య వీలైనంతవరకు కనీసం 45 నిమిషాలు ఉండాలంటాయి. 200 దాటి 1000 మీటర్ల వరకు 90 నిమిషాలు. బడి పిల్లల విషయంలో ఈ విరామాన్ని తగ్గించడానికి ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోకండి. శిక్షణ ఉన్న క్రీడాకారులకే అంత విశ్రాంతి అవసరమైనప్పుడు, ఏడాదికి ఒకసారి పరుగెత్తే పిల్లవాడికి ఇంకా ఎక్కువే కావాలి. 10:15కు హీట్లు అయ్యాయి కాబట్టి ఫైనళ్లు 11:00 నుంచి పెట్టుకోవచ్చు: జూనియర్ బాలికలు 11:00, జూనియర్ బాలురు 11:05, సీనియర్ బాలికలు 11:10, సీనియర్ బాలురు 11:15.

ఇంతవరకు బాగానే ఉంటుంది. అసలు చిక్కు లాంగ్‌జంప్ దగ్గర వస్తుంది. వేగంగా పరుగెత్తే పిల్లలే సాధారణంగా లాంగ్‌జంప్‌లోనూ ఉంటారు. హౌస్‌కు ముగ్గురు చొప్పున పన్నెండు మంది, ఒక్కొక్కరికి మూడు అవకాశాలు, మొత్తం ముప్పై ఆరు దూకుళ్లు. ఇసుక చదును చేసి, టేపుతో కొలిచి, రాసుకోవడానికి ఒక్కో దూకుడుకు ఒకటింబావు నిమిషం వేసుకోండి. నలభై ఐదు నిమిషాలు అవుతుంది.

ఒక ఏడాది మా సహోద్యోగి ఒకరు సీనియర్ బాలికల లాంగ్‌జంప్‌ను 10:20కి పెట్టి ముసాయిదా తెచ్చారు. వారి 100 మీటర్ల హీట్లు 10:00కే అయిపోతాయి. లాంగ్‌జంప్ 11:05కు ముగుస్తుంది. ఫైనల్ 11:10కి. కాగితం మీద చూస్తే ఎక్కడా ఒకదానిపై ఒకటి పడలేదు. కాని ఫైనల్ రిపోర్టింగ్ 10:55కు. ఆ సమయానికి ఆ అమ్మాయి ఇసుక పిట్ దగ్గర తన మూడో అవకాశం కోసం నిలబడి ఉంటుంది. రిపోర్టింగ్‌కు వెళితే దూకుడు పోతుంది, వెళ్లకపోతే ఫైనల్ పోతుంది. వెళ్లినా, దూకి వచ్చిన పది నిమిషాలకే ఫైనల్ పరుగు. రెండు పోటీలు ఢీకొంటున్నాయా అని చూసేటప్పుడు పోటీ సమయాలను పోల్చకండి. మొదటి పోటీ ముగిసే సమయాన్ని రెండో పోటీ రిపోర్టింగ్ సమయంతో పోల్చండి. షెడ్యూల్ రాసేవారిలో చాలామంది ఈ ఒక్క పోలిక చేయరు.

మేము దాన్ని ఇలా సరిచేశాం. ఉదయం పిట్‌ను జూనియర్ బాలికలకు ఇచ్చాం. వారి హీట్లు 9:30కి అయిపోతాయి కాబట్టి లాంగ్‌జంప్ రిపోర్టింగ్ 9:35కు, పోటీ 9:50కి, ముగింపు 10:35కు. వారి ఫైనల్ రిపోర్టింగ్ 10:45కు. మధ్యలో పది నిమిషాలు మిగులుతుంది. సీనియర్ బాలికల లాంగ్‌జంప్‌ను ఫైనళ్ల తర్వాతకు మార్చాం: రిపోర్టింగ్ 11:20, పోటీ 11:35, ముగింపు 12:20, భోజనం 12:30. బాలుర రెండు విభాగాలకూ మధ్యాహ్నం. ఒక విద్యార్థి రెండు వ్యక్తిగత పోటీలకూ ఒక రిలేకూ మించి పేరు ఇవ్వకూడదని మా దగ్గర నియమం ఉంది. అది లేకపోతే ఈ లెక్క ఎవరికీ తేలదు.

ఎంత జాగ్రత్తపడినా ఎవరో ఒకరికి రెండూ ఒకేసారి పడతాయి. అప్పుడు ఫీల్డ్ పోటీ జడ్జి ఆ విద్యార్థిని ఆ రౌండులో తన వరుస రాకముందే దూకనిచ్చి పంపవచ్చు. ఇది నిబంధనల్లో ఉన్న వెసులుబాటే. ఆ మాటను కూడా ప్రకటన కింద ఒక వాక్యంగా రాయండి, లేకపోతే మిగతా హౌస్‌ల వారు పక్షపాతం అంటారు.

కాగితం మీద మాటలు

"సీనియర్లు" అని మాత్రమే రాయకండి. ఒక టీచర్‌కు అది తొమ్మిది, పది తరగతులు, ఇంకొకరికి 14 ఏళ్లు దాటినవారు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసును బట్టి ఉంటాయి గనుక, మండల స్థాయికి పిల్లల్ని పంపిన టీచర్లు వయసు లెక్కనే అనుకుంటారు. మీది తరగతి లెక్క అయితే ప్రతి వరుసలోనూ తరగతులు రాయండి. వయసు లెక్క అయితే ఏ తేదీ తర్వాత పుట్టినవారో రాసి, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న పుట్టిన తేదీనే తీసుకుంటామని చెప్పండి.

మరొక చిన్న విషయం, కాని నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. ఒకసారి షెడ్యూల్‌లో "షాట్‌పుట్ 9-10 బాలురు" అని రాశాను. నా ఉద్దేశం తొమ్మిది, పది తరగతులు. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు తొమ్మిది నుంచి పది గంటల వరకు షాట్‌పుట్ అనుకుని వచ్చి కూర్చున్నారు. అప్పటి నుంచి తరగతులను "9, 10 తరగతులు" అని కామాతో, సమయాన్ని "9:15" అని నిమిషాలతో రాస్తున్నాను. గంటకు సరిగ్గా మొదలయ్యే పోటీకి కూడా "10:00" అనే రాయాలి.

చెస్ట్ నంబర్లను హౌస్‌వారీగా ఇవ్వండి. రెడ్ హౌస్‌కు 101 నుంచి, బ్లూకు 201 నుంచి, గ్రీన్‌కు 301 నుంచి, యెల్లోకు 401 నుంచి. ఫినిష్ దగ్గర నిలబడిన టీచర్‌కు పిల్లవాడి పేరు తెలియకపోయినా మొదటి అంకె చూసి హౌస్ పాయింట్లు వేయవచ్చు. రిపోర్టింగ్ బల్ల దగ్గర కూడా ఏ హౌస్ వారు రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

హౌస్‌వారీ రిపోర్టింగ్

పెద్ద షెడ్యూల్‌ను విద్యార్థి చదవడు. నలభై వరుసల్లో తనది ఏదో వెతకడు. తన హౌస్ కెప్టెన్ దగ్గర ఉన్న కాగితంలో తన పేరు ఉంటే మాత్రం రోజుకు నాలుగుసార్లు చూసుకుంటాడు. అందువల్ల హౌస్ పట్టికను పోటీల ప్రకారం కాక రిపోర్టింగ్ సమయాల వరుసలో రాయండి. మా పట్టిక ఇలా ఉంటుంది:

> రెడ్ హౌస్ రిపోర్టింగ్ పట్టిక (ఉదయం)
> కాగితం సంఖ్య: 2. దీనికి ముందు ఇచ్చిన కాగితం చెల్లదు.
>
> 9:00 రిపోర్టింగ్. 6, 7 తరగతుల బాలికలు, 100 మీటర్ల హీట్లు. పోటీ 9:15. చెస్ట్ నంబర్లు 101, 104, 107, 112. రిజర్వు: 115.
>
> 9:15 రిపోర్టింగ్. 6, 7 తరగతుల బాలురు, 100 మీటర్ల హీట్లు. పోటీ 9:30. చెస్ట్ నంబర్లు 121, 122, 126, 130. రిజర్వు: 133.
>
> 9:30 రిపోర్టింగ్. 8, 9, 10 తరగతుల బాలికలు, 100 మీటర్ల హీట్లు. పోటీ 9:45. చెస్ట్ నంబర్లు 141, 143, 148, 150. రిజర్వు: 152.
>
> 9:35 రిపోర్టింగ్. 6, 7 తరగతుల బాలికలు, లాంగ్‌జంప్. పోటీ 9:50. చెస్ట్ నంబర్లు 104, 109, 112. రిజర్వు: 107.
>
> రిపోర్టింగ్ స్థలం: వేపచెట్టు కింద బల్ల, ఎర్ర జెండా వరుస. పోటీకి ఐదు నిమిషాల ముందు రిపోర్టింగ్ ముగుస్తుంది.

నంబర్ల పక్కన పేర్లు కూడా రాయండి, ఇక్కడ స్థలం కోసం వదిలేశాను. ఈ పట్టికలో 104, 112 రెండు పోటీల్లోనూ ఉన్నాయి, 107 రెండోదానికి రిజర్వుగా ఉంది, చూడండి. హౌస్ టీచర్ ఆ మూడు నంబర్లకు గీత గీసుకుంటే చాలు, ఉదయమంతా ఎవరి మీద కన్నువేసి ఉంచాలో తెలిసిపోతుంది.

రిపోర్టింగ్ స్థలం గురించి ఒక మాట. హౌస్ టెంట్ల దగ్గర నలుగురు టీచర్లు నాలుగు చోట్ల హాజరు తీసుకుని తర్వాత స్టార్టర్ దగ్గరకు పంపే పద్ధతి చాలా పాఠశాలల్లో ఉంది. నేను దాన్ని మానేశాను. నాలుగు కాగితాలు నాలుగు దిక్కుల నుంచి రావడం ఆలస్యమవుతుంది, దారిలో పిల్లలు తప్పిపోతారు. స్టార్టింగ్ లైనుకు దగ్గరగా, నీడ ఉన్నచోట ఒకటే బల్ల వేయండి. బల్ల ముందు సున్నంతో నాలుగు గీతలు గీసి, గీత చివర హౌస్ రంగు జెండా పాతండి. టెంటు నుంచి బల్ల వరకు తీసుకొచ్చే బాధ్యత హౌస్ కెప్టెన్‌ది, బల్ల నుంచి లైను వరకు తీసుకెళ్లే బాధ్యత రిపోర్టింగ్ టీచర్‌ది. ఈ రెండు వాక్యాలు ప్రకటనలో ఉండాలి. లేకపోతే విద్యార్థి రాలేదంటే ఒకరినొకరు అడుగుతూ నిలబడతారు.

షెడ్యూల్ ముసాయిదాను వారం ముందు హౌస్ టీచర్లకు మాత్రమే ఇవ్వండి. వారు తమ పిల్లల పేర్లు రాసి, ఢీకొనే చోట్లు చూపించి తిరిగి ఇస్తారు. మూడు రోజుల ముందు తుది కాగితం బోర్డుకు ఎక్కాలి, సర్క్యులర్ పుస్తకంలో తరగతి తరగతికీ వెళ్లి టీచర్ల సంతకాలు రావాలి. ముందురోజు అసెంబ్లీలో మొత్తం చదవకండి. మొదటి రిపోర్టింగ్ సమయం, స్థలం, ఏ దుస్తులు, ఎవరి పట్టిక ఎవరి దగ్గర ఉంది, ఈ నాలుగు విషయాలు చాలు.

చివరి మార్పులు

ఇక్కడ నాకు ఎదురైన ఒక సంఘటన చెప్పాలి. ఏ పాఠశాలో చెప్పను. ముఖ్య అతిథి పదిన్నరకు వస్తారని, ఆయన పదకొండున్నరకే వెళ్లిపోవాలని ఉదయం తెలిసింది. 11:35కు ఉన్న సీనియర్ బాలికల 4×100 రిలేను ఆయన చూడాలని యాజమాన్యం కోరింది. రిలేను 11:10కి పెడుతున్నామని మైకులో రెండుసార్లు చెప్పాం. మైకు పెట్టెలు అతిథుల వేదిక వైపు తిరిగి ఉన్నాయి. ఒక హౌస్ జట్టులో మూడో అమ్మాయి ప్రకటన వినలేదు. ఆమె పాఠశాల భవనం వెనక కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. రిలే మొదలైంది, ఆ జట్టు ముగ్గురితో నిలబడిపోయింది. ఆ అమ్మాయి తన కాగితంలో ఉన్న సమయానికి, పది నిమిషాల ముందే, రిపోర్టింగ్ బల్ల దగ్గరకు వచ్చింది. కాగితం చూపించి "సార్, ఇంకా టైం అవలేదు కదా" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆమె చేసిన తప్పు ఏదీ లేదు. ఆ మార్పును ఒప్పుకున్నది నేను.

అప్పటి నుంచి ముఖ్య అతిథి సమయాన్ని షెడ్యూల్‌తో ముడిపెట్టడం మానేశాను. అతిథి వచ్చే వేళకు ఏ పోటీ జరుగుతుంటే అది చూస్తారు. మార్చ్‌పాస్ట్, ప్రసంగం, బహుమతుల కోసం వేరే సమయం ఖాళీగా ఉంచుతాను. అది ఎటు జరిగినా పరుగెత్తే పిల్లల సమయం జరగదు.

పేర్ల మార్పుకూ సమయాల మార్పుకూ తేడా ఉంది, ప్రకటనలో వాటిని వేరుగా రాయండి. పేర్ల మార్పు ముందురోజు మధ్యాహ్నం 3:00కు ముగియాలి. ఆ తర్వాత జ్వరం వచ్చినా, రాకపోయినా, పట్టికలో ఇప్పటికే ఉన్న రిజర్వు విద్యార్థి మాత్రమే వెళ్లాలి, అదీ ఆ పోటీ రిపోర్టింగ్ ముగిసేలోపు. కొత్త పేరును ఆ రోజు ఉదయం చేర్చకండి. ఒక్క హౌస్‌కు చేరిస్తే మిగతా మూడు హౌస్‌లూ తమ బలమైన పేరు తెస్తాయి. రిలేకు మొదటి నుంచే ఆరు పేర్లు తీసుకుని, వారిలో ఏ నలుగురైనా పరుగెత్తవచ్చని రాస్తే సగం గొడవ ఉండదు.

సమయం మార్పును ఎలా రాయాలన్నది చాలా ముఖ్యం. మన భాషలో "ముందుకు జరిపాం", "వెనక్కి జరిపాం" అన్న మాటలు ప్రమాదకరం. పోటీ ముందుకు జరిగిందంటే సగం మంది త్వరగా జరుగుతుందని, సగం మంది ఆలస్యంగా జరుగుతుందని అనుకుంటారు. ఈ రెండు మాటలూ వాడవద్దు. పాత సమయం, కొత్త సమయం రెండూ అంకెల్లో రాయండి. మా మార్పు చీటీ ఇలా ఉంటుంది:

> మార్పు 1. వెలువడిన సమయం 10:40.
>
> 8, 9, 10 తరగతుల బాలికలు, లాంగ్‌జంప్.
> పాత రిపోర్టింగ్ 11:20, కొత్త రిపోర్టింగ్ 11:40.
> పాత పోటీ సమయం 11:35, కొత్త పోటీ సమయం 11:55.
> స్థలంలో మార్పు లేదు.
>
> మిగతా పోటీల సమయాల్లో మార్పు లేదు.

చివరి వాక్యం తప్పనిసరి. అది లేకపోతే ఒక పోటీ ఇరవై నిమిషాలు ఆలస్యమైందని విన్న పిల్లలు తమ పోటీ కూడా ఆలస్యమే అనుకుని టెంటులో కూర్చుంటారు. ఈ ఉదాహరణలో లాంగ్‌జంప్ 12:40కి ముగుస్తుంది కాబట్టి, ఆ పన్నెండు మందికి భోజనం తీసి ఉంచమని వంటవారికి చెప్పాలి. ప్రతి మార్పు వెనకా ఇలా ఒక ప్రశ్న ఉంటుంది: దీని తర్వాత ఏది తగులుతుంది? ఆ ప్రశ్నకు జవాబు దొరికేవరకు చీటీ మీద సంతకం పెట్టకండి.

చీటీ మూడు చోట్లకు వెళ్లాలి. బోర్డు మీద పాత సమయాన్ని ఎర్ర కలంతో కొట్టి, పక్కనే కొత్తది రాసి, మార్పు సంఖ్య వేయాలి. నలుగురు హౌస్ కెప్టెన్లు మార్పుల పుస్తకంలో తమ పేరు ఎదురుగా సంతకం చేయాలి. సంతకం చేయని కెప్టెన్ కోసం ఒక టీచర్ వెళ్లాలి. నాలుగు సంతకాలు పడిన తర్వాతే ఆ మార్పు అమలులోకి వచ్చినట్టు. మైకు మూడోది, అది గుర్తుచేయడానికి మాత్రమే. మైకులో చెప్పేటప్పుడు ఎవరికి సంబంధించిందో ముందు చెప్పండి: "ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల బాలికలు!" అని మొదలుపెడితే వాళ్లు తలెత్తుతారు. "లాంగ్‌జంప్ పోటీ సమయం మార్చడమైనది" అని మొదలుపెడితే ఎవరికి సంబంధించిందో తెలిసేసరికి వాక్యం అయిపోతుంది.

వాట్సాప్ విషయంలో జాగ్రత్త. పిల్లల చేతుల్లో ఫోన్లు ఉండవు, తల్లిదండ్రుల గ్రూపుల్లో పాత షెడ్యూల్ ఫోటో రెండు రోజులు తిరుగుతూనే ఉంటుంది. అందుకే ప్రతి కాగితం పైన కాగితం సంఖ్య, తేదీ ఉండాలి. తల్లిదండ్రులకు పోటీలవారీ మార్పులు పంపకండి. ఇంటికి వెళ్లే సమయం, బస్సు సమయం మారితేనే పంపండి.

డిసెంబరు, జనవరిల్లో ఉదయం మంచు పట్టినా, రాత్రి వాన పడి ట్రాక్ తడిసినా, మార్పు ఒక పోటీకి కాక మొత్తానికి వస్తుంది. అప్పుడు ఒక్కొక్క సమయాన్ని మళ్లీ లెక్కించకండి. "మధ్యాహ్న భోజనం వరకు ఉన్న ప్రతి రిపోర్టింగ్ సమయానికీ, ప్రతి పోటీ సమయానికీ 30 నిమిషాలు కలుపుకోండి" అని ఒకే వాక్యం ఇవ్వండి. విరామాలు, పోటీల మధ్య దూరం అలాగే ఉంటాయి కాబట్టి మీరు ముందు చూసుకున్న లెక్క చెడదు. భోజనం కూడా అరగంట జరుగుతుంది. ఆ అరగంటను మధ్యాహ్నం టీచర్ల పరుగు, మ్యూజికల్ చైర్స్ వంటి పాయింట్లు లేని అంశాలను తీసేసి పూడ్చుకోవాలి. వాటికి షెడ్యూల్‌లో ముందే "సమయం ఉంటే" అని రాసి ఉంచండి. ముప్పై నిమిషాలు కాక గంట పైన ఆలస్యమైతే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఎండ ఎక్కువయ్యే వేళకు 800 మీటర్లు వచ్చి పడుతుంది. అటువంటప్పుడు దూరపు పరుగులను మరుసటి రోజు ఉదయానికి పెట్టడమే సరైనది. ప్రకటనలో "అవసరమైతే 400 మీటర్లు, 800 మీటర్లు మరుసటి రోజు 7:30కి" అని ముందే ఒక వాక్యం ఉంటే ఆ రోజు వాదన ఉండదు.

చివరగా, బోర్డు మీద ఉన్న షెడ్యూల్ పక్కన ప్రతి పోటీ నిజంగా ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో పెన్సిల్‌తో రాయించండి, పదో తరగతి విద్యార్థి ఒకరు చాలు. నేను హీట్‌కు ఐదు నిమిషాలు అంటున్నది అలా పోగైన కాగితాల నుంచే. మీ మైదానంలో ఫినిష్ నుంచి స్టార్టర్ కనిపించకపోతే అది ఆరు కావచ్చు, అప్పుడు పన్నెండు హీట్లకు పన్నెండు నిమిషాలు పెరిగి ఫైనళ్లు 11:15 నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. మీకు ఎన్ని లేన్లు పడతాయో, హౌస్‌కు ఎంతమంది పేర్లు ఇచ్చారో ఇక్కడ రాస్తే, ఉదయం భాగం సమయాలు నేను కూడా ఒకసారి లెక్కించి చూస్తాను.